స్లైడు పేరు చివర్లో రాయండి
(నెల్లూరులో ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం విద్యార్థులకు ఒక అనాటమీ అధ్యాపకురాలు చదివి వినిపించిన ఉత్తరం. ప్రసంగ పాఠం)

కూర్చోండి, కూర్చోండి. వెనక బెంచీల వాళ్లు కాస్త ముందుకు రండి. ఈ మైకు మీద నాకు పెద్ద నమ్మకం లేదు.

ఈ ఉత్తరం జిరాక్స్ తీయించి తలా ఒకటి ఇద్దామనే అనుకున్నాను. కానీ కాగితం చేతికిస్తే మీరేం చేస్తారో నాకు తెలుసు. రికార్డు పుస్తకంలో పెట్టేసి, పరీక్ష ముందు రోజు రాత్రి తీస్తారు. అందుకే చదివి వినిపిస్తున్నా. మధ్యలో ఆగి నాలుగు మాటలు ఎక్కువ చెప్పినా ఏమీ అనుకోకండి. సరే, మొదలుపెడతా.

పిల్లలకు,

హిస్టాలజీ ప్రాక్టికల్స్ మొదలయ్యాక మీలో చాలామంది ఒక అలవాటులో పడ్డారు. స్లైడు స్టేజీ మీద పెడతారు, కంటికి ఏది ముందు తగిలితే అది చూస్తారు, వెంటనే ఒక పేరు చెబుతారు. పేరు సరిపోతే పక్క స్లైడుకు వెళ్లిపోతారు. సరిపోకపోతే ఇంకో పేరు చెబుతారు. ఎందుకు అది అయింది, ఎందుకు ఇది కాలేదు అని అడిగితే నా ముఖం చూస్తారు.

ఇంకో రకం వాళ్లున్నారు, వాళ్లు మరీ తెలివైనవాళ్లు. మూల విరిగిన స్లైడు క్లోమం, లేబుల్ మీద ఇంకు మరక ఉన్నది థైరాయిడ్, గాలి బుడగ ఉన్నది ప్లీహం. ఇలా గుర్తుపెట్టుకుంటారు. (నవ్వులు) నవ్వకండి, మీ సీనియర్లు ఈ జాబితా మీకు చెప్పే ఉంటారు. పరీక్షకు వేరే పెట్టె తీస్తాం. అందులో గాలి బుడగ కిడ్నీ మీద ఉంటుంది.

అన్ని స్లైడుల గురించీ ఒకే ఉత్తరంలో చెప్పలేను. అందుకని ఒక జత తీసుకుంటాను: క్లోమం, పరోటిడ్. చెవి ముందర ఉండే లాలాజల గ్రంథి పరోటిడ్ అని మీకు తెలుసు. మాకు వచ్చే తప్పు జవాబుల్లో ఈ రెండూ తారుమారు కావడం తరచుగా చూస్తాం. దానికి కారణం ఉంది. రెండింట్లోనూ ఎక్కువ భాగం సీరస్ ఎసినస్‌లే. గుండ్రటి కేంద్రకాలున్న పిరమిడ్ ఆకారపు కణాలు చిన్న గుంపులుగా, మధ్యలో సన్నటి రంధ్రం చుట్టూ చేరి ఉంటాయి. మీరు నేరుగా హై పవర్‌కు వెళ్లి ఒక ఎసినస్ చూసి జవాబు చెబుతున్నారంటే, ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని చూసి తేడా చెబుతున్నారన్నమాట. అది ఎలా కుదురుతుంది?

అసలు మైక్రోస్కోపు కింద పెట్టకముందు స్లైడును తెల్ల కాగితం మీద పెట్టి కంటితో చూడండి. ముక్క ఎంతుంది, ఒకటే ముక్కా రెండా, అంచు సాఫీగా ఉందా, రంగు అంతటా ఒకలాగే ఉందా. ఈ రెండు స్లైడుల్లోనూ ముక్క చిన్న చిన్న తునకలుగా విడిపోయినట్టు కనబడుతుంది. దాన్ని బట్టి ఇది గ్రంథి అయి ఉండొచ్చని అనుమానం వస్తుంది. ఆ అనుమానం చాలు, ఇప్పుడు పేరు వద్దు.

ఇంకో సంగతి. కవర్ స్లిప్ ఏ వైపు ఉందో చూసుకోండి. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే ఆ పలచటి గాజు అంచు తెలుస్తుంది. అది పైకి ఉండాలి. స్లైడు తలకిందులుగా పెట్టినా 4 ఎక్స్‌లో చక్కగా కనబడుతుంది, 10 ఎక్స్‌లో కూడా కనబడుతుంది. 40 ఎక్స్‌కు వచ్చేసరికి ఎంత తిప్పినా ఫోకస్ కాదు. ఎందుకంటే 40 ఎక్స్ లెన్సు స్లైడుకు ఒక మిల్లీమీటరు కంటే కూడా దగ్గరకు రావాలి. తలకిందులైతే మధ్యలో స్లైడు గాజే దాదాపు ఒక మిల్లీమీటరు మందం అడ్డం వస్తుంది. మైక్రోస్కోపు పాడైంది మేడమ్ అని పిలిచేవాళ్లలో సగం మంది దగ్గర జరిగేది ఇదే. ఫోకస్ కోసం అలాగే తిప్పుతూ పోతే లెన్సు వచ్చి స్లైడును పటుక్కుమనిపిస్తుంది. 40 ఎక్స్‌లో ఫోకస్ కాలేదంటే తిప్పడం ఆపి, స్లైడు తీసి, ఏ వైపు ఉందో చూడండి. 40 ఎక్స్‌లో ఉన్నప్పుడు చిన్న మరతోనే ఫోకస్ చేయాలి, పెద్ద మర ముట్టుకోవద్దు.

ఇప్పుడు లో పవర్. ఇక్కడ కాస్త లెక్క చెబుతాను, భయపడకండి. మన ల్యాబులో ఉన్నలాంటి మైక్రోస్కోపుల్లో 4 ఎక్స్‌లో మీకు కనబడే వలయం వెడల్పు సుమారు నాలుగున్నర మిల్లీమీటర్లు. 10 ఎక్స్‌లో 1.8 మిల్లీమీటర్లు. 40 ఎక్స్‌లో అర మిల్లీమీటరు కూడా ఉండదు, 0.45 అనుకోండి. ముక్క సెంటీమీటరు పొడవు, సెంటీమీటరు వెడల్పు ఉందనుకుంటే, వైశాల్యం లెక్కన అది 4 ఎక్స్‌లో ఆరేడు వలయాలంత. 10 ఎక్స్‌లో సుమారు నలభై వలయాలంత. 40 ఎక్స్‌లో అయితే ఆరు వందలకు పైగా. అంటే నేరుగా హై పవర్ పెట్టి ఒక చోట చూసి పేరు చెప్పేవాళ్లు ఆరు వందల్లో ఒక వంతు చూసి చెబుతున్నారు.

కాబట్టి 4 ఎక్స్‌లో స్లైడు మొత్తం ఒక పద్ధతిగా తిరగండి. ఎడమ పై మూల నుంచి మొదలుపెట్టి కుడికి వెళ్లండి, ఒక వలయం కిందకు దిగండి, మళ్లీ ఎడమకు రండి. ఇష్టమొచ్చినట్టు అటూ ఇటూ తిప్పితే చూసిన చోటే మూడుసార్లు చూస్తారు, ఒక మూల అసలు చూడరు. అడిగేది కూడా సరిగ్గా ఆ మూలలో ఉన్నదే అవుతుంది, అదేం ఖర్మో.

ఈ పవర్‌లో ఏం కనబడుతుంది? మన జిల్లా పిల్లలకు చెప్పడం తేలిక. కోవూరు వైపు వరి మళ్లను మిద్దె మీద నుంచి చూశారు కదా. మళ్లు, మళ్ల మధ్య గట్లు, గట్ల వెంబడి పెద్ద కాలువ, దాంట్లోంచి మళ్లలోకి పోయే పిల్ల కాలువలు. గ్రంథి కూడా అంతే. మడి లాంటిది లాబ్యూల్. గట్టు లాంటిది వాటిని వేరు చేసే పింక్ రంగు పీచు పదార్థం. గట్టు వెంట పోయే పెద్ద డక్ట్ ఒకటి, మడి లోపల ఉండే చిన్న డక్ట్‌లు వేరే. పొలంలో నీళ్లు కాలువ నుంచి మడికి వస్తాయి, ఇక్కడ మాత్రం మడిలో పుట్టిన రసం కాలువలోకి పోతుంది. అంతవరకే పోలిక, ఇంక లాగను.

ఇప్పుడు మీ దృష్టి మడి లోపలి డక్ట్‌ల మీద పెట్టండి. నా ఉత్తరంలో ముఖ్యమైన మాట ఇదే.

పరోటిడ్‌లో లాబ్యూల్ లోపల స్ట్రయేటెడ్ డక్ట్‌లు బోలెడు ఉంటాయి. 10 ఎక్స్‌లోనే తెలిసిపోతాయి. చుట్టూ ఉన్న ఎసినస్‌లు ఊదా రంగులో ముదురుగా ఉంటే, ఈ డక్ట్‌లు పింక్ రంగులో గుండ్రంగానో కోలగానో తేటగా కనబడతాయి. లోపలి రంధ్రం స్పష్టంగా, పెద్దగా ఉంటుంది. గోడ కణాలు పొడవైనవి, కేంద్రకం ఇంచుమించు మధ్యలో ఉంటుంది. అంత పింక్ ఎందుకంటే, కణం అడుగు భాగంలో పొర మడతలు మడతలుగా లోపలికి పోయి, ఆ మడతల మధ్య మైటోకాండ్రియా నిలువుగా బారులు తీరి ఉంటాయి. ఇయోసిన్ రంగును అవి బాగా పట్టుకుంటాయి. ఆ డక్ట్ పని లాలాజలంలోంచి సోడియం వెనక్కు లాగుకోవడం. దానికి శక్తి కావాలి, శక్తికి మైటోకాండ్రియా కావాలి. 40 ఎక్స్‌లో ఆ నిలువు గీతలు కొంచెం కనబడతాయి. కనబడకపోతే కండెన్సర్ కింద ఉన్న డయాఫ్రం కొద్దిగా మూయండి, వెలుతురు తగ్గి గీతలు తేలతాయి. మీరంతా లైటు పూర్తిగా పెట్టుకుని కళ్లు చిట్లించుకుని చూస్తారు. ఎంత వెలుతురుంటే అంత బాగా కనబడుతుందని ఎవరు చెప్పారో మరి!

క్లోమంలో స్ట్రయేటెడ్ డక్ట్‌లు లేవు. లాబ్యూల్ లోపలి డక్ట్‌లు పొట్టి కణాలతో పలచగా, పాలిపోయినట్టు ఉంటాయి. వెతికితే గానీ కంటికి ఆనవు. ఇంకో విచిత్రం ఏమిటంటే, క్లోమంలో డక్ట్ ఎసినస్ బయట మొదలవదు, ఎసినస్ లోపలే మొదలవుతుంది. అందుకే ఎసినస్ నడిమధ్యలో, రంధ్రం ఉండాల్సిన చోట, ఒకటో రెండో లేత కేంద్రకాలు కనబడతాయి. అవే సెంట్రోఎసినార్ కణాలు. పరోటిడ్‌లో అవి ఉండవు.

మరి ఐలెట్ల సంగతేంటి మేడమ్, క్లోమం అంటే ఐలెట్లే కదా అంటారు. అవును, ఐలెట్ కనబడితే గొడవే లేదు. ముదురు రంగు ఎసినస్‌ల నడుమ లేత రంగు ముద్ద, చుట్టూ కచ్చితమైన గోడ లేకుండా, కణాలు తీగల్లా అల్లుకుని, మధ్యన సన్నటి రక్తనాళాలు. 1869లో పాల్ లాంగర్‌హాన్స్ తన డాక్టరేట్ థీసిస్‌లో వీటిని వర్ణించినప్పుడు ఆయన మీలాగే విద్యార్థి. అవి ఏం పని చేస్తాయో ఆయనకు తెలియదు. చూసింది చూసినట్టు రాశాడు, అంతే.

చిక్కు ఎక్కడంటే, ఐలెట్లు మొత్తం క్లోమంలో ఒకటి రెండు శాతమే. ఒక్కోటి సుమారు 100 నుంచి 200 మైక్రాన్లు. తోక వైపు ఎక్కువ, తల వైపు తక్కువ. 40 ఎక్స్‌లో మీకు కనబడేది 450 మైక్రాన్ల వలయం. అందులో ఐలెట్ లేకపోవడం మామూలు విషయం. ఒక్కోసారి మొత్తం స్లైడులోనూ ఒకటో రెండో ఉంటాయి, అవీ అంచున సగం తెగి ఉంటాయి.

పోయిన బ్యాచ్‌లో జరిగింది చెబుతాను. కావలి వైపు అబ్బాయి ఒకడు క్లోమం స్లైడు చూసి పరోటిడ్ అని రాశాడు. ఎందుకని అడిగాను. "ఐలెట్లు లేవు మేడమ్" అన్నాడు. ఎన్ని చోట్ల చూశావంటే నాలుగైదు చోట్ల అన్నాడు, అదీ హై పవర్‌లో. సరే, ఐలెట్ మాట పక్కన పెట్టు, ఉన్నవాటి గురించి చెప్పు అన్నాను. ఇద్దరం 4 ఎక్స్ నుంచి మొదలుపెట్టాం.

లాబ్యూల్స్ ఉన్నాయి, వాటి మధ్య పీచు పదార్థం సన్నగా ఉంది. అది రెండింటికీ సరిపోతుంది, కాబట్టి పక్కన పెట్టాం. కొవ్వు కణాలు అక్కడక్కడా తెల్లటి ఖాళీల్లా ఉన్నాయి. వాడు వెంటనే "చూశారా మేడమ్, పరోటిడ్‌లోనే కదా కొవ్వు" అన్నాడు. పరోటిడ్‌లో కొవ్వు కణాలు ఎక్కువే. కానీ వయసు మళ్లినవాళ్ల క్లోమంలోనూ, లావుగా ఉన్నవాళ్ల క్లోమంలోనూ కొవ్వు చేరుతుంది. ఆ సాక్ష్యం బలహీనం. 10 ఎక్స్‌కు వచ్చి ఒక లాబ్యూల్ ఎంచుకుని, దాంట్లో పింక్ రంగు డక్ట్‌లు లెక్కపెట్టమన్నాను. ఒక్కటీ దొరకలేదు. పక్క లాబ్యూల్‌లోనూ లేవు, దాని పక్కదాంట్లోనూ లేవు. పరోటిడ్ అయితే ప్రతి లాబ్యూల్‌లో కొన్నయినా కనబడాలి. "మరి ఐలెట్ లేదన్నా, స్ట్రయేటెడ్ డక్ట్ లేదన్నా రెండూ లేవనడమే కదా మేడమ్" అన్నాడు. మంచి ప్రశ్న అడిగాడు. తేడా ఏంటంటే, ఐలెట్ అరుదుగా ఉండేది. నాలుగు చోట్ల కనబడకపోతే అర్థం లేదు. స్ట్రయేటెడ్ డక్ట్ పరోటిడ్‌లో ఎక్కడ చూసినా ఉండేది. మూడు లాబ్యూల్స్‌లో లేదంటే దానికి అర్థం ఉంది. ఏదైనా లేదని రాసేముందు, అది ఉంటే ఎన్ని ఉండాలో తెలిసి ఉండాలి.

ఆ తర్వాతే 40 ఎక్స్ పెట్టాం. ఎసినస్ మధ్యలో లేత కేంద్రకాలు వెతకమన్నాను. మొదటి అయిదారు ఎసినస్‌లలో దొరకలేదు. ఇక్కడ అందరూ కంగారు పడతారు. ముక్క మందం అయిదు, ఆరు మైక్రాన్లే. ఎసినస్ అంతకంటే చాలా పెద్దది, అది గుండ్రటి వస్తువు. కత్తి నడిమధ్యన పడితేనే రంధ్రం, సెంట్రోఎసినార్ కణాలు కనబడతాయి. అంచు మీద పడితే రంధ్రమే లేని కణాల ముద్ద కనబడుతుంది. రికార్డులో మీరు గీసే అందమైన ఎసినస్, ఎనిమిది కణాలు, మధ్యలో చుక్క, అది స్లైడులో పదిలో ఒకటో రెండో దొరుకుతుంది. ఏడో ఎసినస్‌లోనో ఎనిమిదో ఎసినస్‌లోనో వాడికి దొరికింది. ఆ తర్వాత కింది అంచున, లేబుల్ వైపు మూలలో, ఒక ఐలెట్ సగం ముక్క కూడా కనబడింది. అప్పటికి జవాబు ఎలాగూ వచ్చేసింది.

రంగు గురించి ఒక మాట. మంచి స్లైడులో క్లోమం ఎసినస్ కణం అడుగున నీలంగా, రంధ్రం వైపు పింక్‌గా ఉంటుంది. అడుగున రఫ్ ఎండోప్లాస్మిక్ రెటిక్యులం, దాని మీది ఆర్‌ఎన్‌ఏ హెమటాక్సిలిన్‌ను పట్టుకుంటుంది. పైన ఎంజైముల గింజలు ఇయోసిన్‌ను పట్టుకుంటాయి. చూడ్డానికి బాగుంటుంది కదా అని దీని మీదే ఆధారపడతారు. కానీ పరోటిడ్ కణం కూడా ప్రొటీన్ తయారుచేసేదే, దానికీ అడుగున నీలం ఉంటుంది. పైగా పాత స్లైడుల్లో రంగు వెలిసిపోతుంది. క్లోమానికి ఇంకో కష్టం ఉంది. దాని ఎంజైములే దాన్ని తినేస్తాయి. ప్రాణం పోయాక ఫార్మలిన్‌లో వేయడం ఆలస్యమైతే కణాలు మసకబారి, ఒకదాని నుంచి ఒకటి ఊడినట్టు ఉంటాయి. స్లైడు అంతా అలికేసినట్టుందే అనిపిస్తే అది మీ కళ్ల తప్పు కాకపోవచ్చు. అలాంటప్పుడు రంగు వదిలేసి ఆకారం, అమరిక పట్టుకోండి.

ఇప్పుడు తిరగేసి చూద్దాం. పరోటిడ్‌ను క్లోమం అని రాసేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లను మోసం చేసేది లేత రంగు మచ్చ. లేతగా ముద్దలా కనబడగానే ఐలెట్ అని రాసేస్తారు. అది ఏటవాలుగా తెగిన పెద్ద డక్ట్ గోడ కావచ్చు. నరం ముక్క కూడా కావచ్చు. ముఖ నాడి పరోటిడ్ లోంచే పోతుంది కదా, దాని కొమ్మలు స్లైడులో పడతాయి. ఐలెట్ అనుకున్నప్పుడు మూడు చూసుకోండి: లోపల గుండ్రటి కేంద్రకాలున్న కణాల తీగలు ఉన్నాయా, మధ్యలో రక్తనాళాలు ఉన్నాయా, చుట్టూ ఎసినస్‌లు ఆనుకుని ఉన్నాయా. నరంలో అయితే కేంద్రకాలు సన్నగా, అలల్లా, ఒకే దిక్కుకు ఉంటాయి. సైజు అనుమానమైతే ఎర్ర రక్తకణాన్ని కొలబద్దగా పెట్టుకోండి. అది దాదాపు 7 మైక్రాన్లు, ప్రతి స్లైడులో ఏదో ఒక రక్తనాళంలో దొరుకుతుంది. పదిహేను, ఇరవై కణాలు వరసగా పెడితే ఎంతవుతుందో ఐలెట్ సుమారు అంతుంటుంది.

సబ్‌మాండిబ్యులర్ గ్రంథి గురించి ఎక్కువ చెప్పను, అందులో తెల్లటి మ్యూకస్ ఎసినస్‌లు కూడా కలుస్తాయి కాబట్టి తేడా తేలిగ్గానే తెలుస్తుంది. ఒక్క మాట మాత్రం. మ్యూకస్ ఎసినస్ అంచున నెలవంకలా సీరస్ కణాలు ఉంటాయని, వాటిని డెమిలూన్ అంటారని చదివారు. పరీక్షలో అలాగే రాయండి, మార్కులు వస్తాయి. అయితే కణజాలాన్ని చాలా వేగంగా గడ్డకట్టించి చూసినప్పుడు ఆ సీరస్ కణాలు మ్యూకస్ కణాల పక్కనే, రంధ్రం దాకా వరసలో ఉన్నట్టు కనబడింది. మామూలు పద్ధతిలో ఫార్మలిన్ నెమ్మదిగా ఎక్కుతుంటే మ్యూకస్ కణాలు ఉబ్బి, వాటిని అంచుకు తోసేస్తాయి. ఆ నెలవంక కొంతవరకు మనం చేసిన పనే. స్లైడు మీద కనబడేదంతా శరీరంలో అలాగే ఉండదు. కొవ్వు కణం ఖాళీగా కనబడేది కూడా లోపలి కొవ్వు ఆల్కహాల్‌లో, జైలీన్‌లో కరిగిపోయినందుకే.

ఇక బొమ్మ. మాన్యువల్ చూసి ఇంట్లో గీసుకొచ్చిన బొమ్మకు సంతకం పెట్టను, ముందే చెబుతున్నా. స్లైడు ముందు కూర్చుని, 4 ఎక్స్ బొమ్మ ఒకటి చిన్నది, అందులో గట్లు, మళ్లు, పెద్ద డక్ట్ ఎక్కడుందో మాత్రమే. దాంట్లో ఒక చోట చిన్న చతురస్రం గీసి, ఆ చోటే 40 ఎక్స్‌లో ఎలా ఉందో పక్కన పెద్దగా గీయండి. అప్పుడు మీరు నిజంగా అక్కడి నుంచి ఇక్కడికి వచ్చారని నాకు తెలుస్తుంది. రంధ్రం లేని ఎసినస్ కనబడితే రంధ్రం లేకుండానే గీయండి. మడత పడిన చోట నల్లటి చార ఉంటే చార గీసి, మడత అని రాయండి. అందంగా లేదని మార్కులు తగ్గించను. కేంద్రకం అడుగున ఉందా మధ్యలో ఉందా అన్నది తప్పు గీస్తే మాత్రం తగ్గిస్తాను. ఒక స్లైడుకు ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. రెండు గంటల ప్రాక్టికల్‌లో నాలుగు స్లైడులు చూస్తే చాలు. పన్నెండు చూశామని గొప్పలు చెప్పకండి.

ఉత్తరం అయిపోయింది. ఇప్పుడు గురువారం సంగతి చెబుతాను, రాసుకోండి.

గురువారం ప్రాక్టికల్‌కు క్లోమం, పరోటిడ్ స్లైడులు కలిపి పెడతాం. లేబుళ్ల మీద టేప్ అంటించి ఉంటుంది. ప్రతి ఒక్కరికీ ఒక కాగితం ఇస్తాం. దాంట్లో మొదటి గడిలో కంటితో ఏం చూశారో, రెండో గడిలో 4 ఎక్స్‌లో ఏం చూశారో, మూడో గడిలో 10 ఎక్స్‌లో మూడు లాబ్యూల్స్‌లో ఎన్ని పింక్ డక్ట్‌లు ఉన్నాయో, నాలుగో గడిలో 40 ఎక్స్ సంగతి. స్లైడు పేరుకు గడి కాగితం వెనక వైపు ఉంది. పేరు కింద ఇంకో గీత ఉంటుంది, ఏం కనబడితే ఈ జవాబు మార్చుకుంటారో అక్కడ రాయాలి. ఆ గీత ఖాళీగా ఇస్తే కాగితం వెనక్కు ఇచ్చేస్తాను.

పింక్ పెన్సిల్, ఊదా పెన్సిల్, ఎరేజర్ తెచ్చుకోండి. వెళ్లేటప్పుడు ముందు 4 ఎక్స్‌కు తిప్పి, ఆ తర్వాత స్లైడు తీసి, లైటు పూర్తిగా తగ్గించి అప్పుడు స్విచ్ ఆపండి. బల్బులు మాటిమాటికీ పోతున్నాయి.